రౌండ్ టేబుళ్ళ హాల్లో ఏది తేడా కొట్టినా: సమస్య, కారణం, పరిష్కారం

ఫంక్షన్ రోజు సాయంత్రం 5 గంటలకు టేబుళ్ళన్నీ వేసేశాక ఏదో ఒకటి తేడాగా కనబడుతుంది. క్లాత్ ఒకవైపు నేల మీద పడి ఉంటుంది, నాప్‌కిన్లు వాలిపోతుంటాయి, వడ్డించేవాళ్ళు కుర్చీల మధ్య ఇరుక్కుపోతారు. ఇవి వేరువేరు సమస్యల్లా కనబడతాయి గానీ చాలావాటికి మూలం ఒకటే, టేబుల్ అడ్డకొలత ఎవరూ టేపు పెట్టి కొలవలేదు. టెంట్ హౌస్ వాళ్ళు "ఐదడుగుల టేబుల్ సార్" అంటారు, మీరు దాన్ని నమ్మి క్లాత్ ఆర్డర్ ఇస్తారు, వచ్చింది నాలుగున్నర అడుగులదో ఆరడుగులదో అవుతుంది. కాబట్టి కింద రాసినవి చదివే ముందు రెండు కొలతలు తీసుకోండి. టేబుల్ పైభాగం అంచు నుంచి అంచుకి, సరిగ్గా మధ్యలోంచి ఎన్ని అంగుళాలు? నేల నుంచి టేబుల్ పైకి ఎంత ఎత్తు? ఎత్తు మామూలుగా 30 అంగుళాలు ఉంటుంది, కానీ ఇనుప మడత స్టాండు మీద ప్లైవుడ్ పలక పెట్టే రకంలో ఒక అంగుళం అటూ ఇటూ ఉంటుంది. ఆ ఒక్క అంగుళమే తర్వాత క్లాత్ దగ్గర ఇబ్బంది పెడుతుంది.

ఇక్కడ నేను ఎక్కువగా 60 అంగుళాల టేబుల్ గురించే, అంటే ఐదడుగుల రౌండ్ టేబుల్ గురించే మాట్లాడతాను. మన హాళ్ళలో ఎక్కువ కనబడేది అదే.

సమస్య: కుర్చీలు వేశాక మనుషులు తిరగడానికి దారి లేదు

టేబుళ్ళు మాత్రమే వేసినప్పుడు హాలు విశాలంగా ఉంటుంది. కుర్చీలు వేసినా పర్వాలేదనిపిస్తుంది, ఎందుకంటే కుర్చీ టేబుల్ కిందకి తోసి ఉంటుంది. మనిషి కూర్చున్నాక కుర్చీ వీపు టేబుల్ అంచుకి దాదాపు 20 అంగుళాల దూరంలో ఉంటుంది. అసలు సమస్య అప్పుడు బయటపడుతుంది.

ఒక లెక్క చూద్దాం. హాలు 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు. రిసెప్షన్, 200 మంది అతిథులు. భోజనం బఫే పక్క హాల్లో. ఒక చివర స్టేజికి 12 అడుగులు పోయింది, స్టేజి ముందు ఫొటోల కోసం లైన్లో నిలబడేవాళ్ళకి 8 అడుగులు వదిలారు. మిగిలింది 40 అడుగులు బై 40 అడుగులు. హాలు మేనేజర్ "25 టేబుళ్ళు పడతాయి, టేబుల్‌కి ఎనిమిది మంది, 200 సరిపోయింది" అంటాడు. కాగితం మీద పడతాయి, నిజమే. 40 అడుగుల్లో వరుసకి ఐదు టేబుళ్ళంటే ఒక టేబుల్ మధ్య నుంచి పక్క టేబుల్ మధ్యకి 8 అడుగులు, అందులో టేబుల్ 5 అడుగులు తీసేస్తే రెండు అంచుల మధ్య మిగిలేది 3 అడుగులు, అంటే 36 అంగుళాలు. రెండు వైపులా మనుషులు కూర్చుంటే కుర్చీలకే 40 అంగుళాలు కావాలి. అంటే నడవడం సంగతి అలా ఉంచండి, వీపు వీపు ఆనుకుంటుంది, ఒకరు లేవాలంటే వెనకాయన కుర్చీ ముందుకి జరుపుకోవాలి.

దీనికి పరిష్కారం ఏంటంటే అంచుకీ అంచుకీ మధ్య 60 అంగుళాలు వదలడం. కుర్చీలకు 40 పోగా 20 అంగుళాలు ఉంటుంది, ట్రే పట్టుకున్న మనిషి పక్కకి తిరిగి వెళ్ళగలడు. మధ్య నుంచి మధ్యకి 10 అడుగులు అని గుర్తుపెట్టుకుంటే చాలు. 54 అంగుళాలతో సర్దేద్దామని కొందరంటారు. అప్పుడు మిగిలేది 14 అంగుళాలు, చేతిలో వేడి గిన్నె ఉన్నవాళ్ళకి అది దారి కాదు.

10 అడుగుల లెక్కన మన హాల్లో వరుసకి నాలుగు, నాలుగు వరుసలు, మొత్తం 16 టేబుళ్ళు, 128 కుర్చీలు. గోడ పక్క టేబుల్ అంచుకీ గోడకీ మధ్య రెండున్నర అడుగులు మిగులుతుంది, అక్కడ కూర్చోవచ్చు గానీ వెనకనుంచి ఎవరూ నడవలేరు, ఇవతలి వైపు నుంచే వడ్డించాలి. 25 అనుకున్నది 16 అయ్యేసరికి టెన్షన్ మొదలవుతుంది, సరే. ఇక్కడే రెండు తప్పుడు సలహాలు వినబడతాయి. మొదటిది, "పెద్ద టేబుళ్ళు వేయండి, టేబుల్‌కి పదిమంది కూర్చుంటారు" అని. ఆరడుగుల టేబుల్‌కి మధ్య నుంచి మధ్యకి 11 అడుగులు కావాలి, 40 అడుగుల వెడల్పులో వరుసకి మూడే పడతాయి, మూడు వరుసలు, తొమ్మిది టేబుళ్ళు, 90 మంది. ఉన్నది కూడా తగ్గిపోయింది. రెండోది, "వరుస తప్పించి వేయండి, జాలీ డిజైన్‌లాగా" అని. ఒక వరుస టేబుళ్ళ సందుల్లోకి తర్వాతి వరుస వచ్చేలా వేస్తే వరుసల మధ్య దూరం 10 అడుగుల నుంచి దాదాపు 8 అడుగుల 8 అంగుళాలకి తగ్గుతుంది. అయితే ఒకటి విడిచి ఒక వరుసలో టేబుల్ తగ్గి మూడే పడతాయి, ఐదో వరుస పట్టాలంటే పొడవు దాదాపు 45 అడుగులు కావాలి. మన దగ్గర ఉన్నది 40. అంటే నాలుగు వరుసల్లో 4, 3, 4, 3, మొత్తం 14. ఇది వెడల్పాటి హాళ్ళలో బాగా పనికొచ్చే పద్ధతే, ఈ హాల్లో మాత్రం నష్టం.

మరి 200 మంది? వచ్చే తీరు చూడండి. మన రిసెప్షన్లలో అందరూ ఒకేసారి రారు, ఒకరు దంపతుల్ని పలకరించి భోజనానికి వెళ్ళేసరికి ఇంకొకరు లోపలికి వస్తారు. అలాంటి చోట 128 కుర్చీలు నడిచిపోతాయి, గోడ వెంబడి కొన్ని విడి కుర్చీలు వేసుకోవచ్చు. కానీ ఒకే సమయానికి అందరినీ కూర్చోబెట్టి వడ్డించే విందు అయితే, లేదా స్టేజి మీద ప్రోగ్రాం జరుగుతుండగా అందరూ టేబుళ్ళ దగ్గర ఉండాల్సినదైతే, ఆ హాలు 200కి చాలదు. అడ్వాన్స్ ఇవ్వకముందే తేల్చుకోవాల్సిన విషయం అది. మేనేజర్ని "ఎంతమంది పడతారు" అని అడక్కండి, "ఐదడుగుల రౌండ్ టేబుళ్ళు, అంచుల మధ్య ఐదడుగులు వదిలితే ఎన్ని" అని అడగండి.

ఇంకొకటి, వధూవరులు నడిచొచ్చే దారి. పైన చెప్పిన ప్లాన్‌లో మధ్య సందు కూడా మిగతావాటిలాగే 20 అంగుళాలే. పట్టుచీర కట్టుకున్న పెళ్ళికూతురు అందులోంచి రాలేదు. గోడల వైపు రెండున్నర అడుగులను రెండుకి తగ్గించి, ఆ మిగిలిన అడుగు మధ్యలోకి తెచ్చి, దారి పక్కనున్న ఎనిమిది టేబుళ్ళకీ దారివైపు కుర్చీ ఒక్కోటి తీసేయండి. ఆ రెండూ కలిపి దాదాపు 4 అడుగుల దారి వస్తుంది. కుర్చీలు 120 అవుతాయి. నా లెక్కలో ఆ ఎనిమిది సీట్లు పోయినా నష్టం లేదు, ఎలాగూ కెమెరా వాళ్ళు అక్కడే నిలబడి వాళ్ళని లేపుతుంటారు.

అన్నీ వేసేముందు రెండు టేబుళ్ళు పక్కపక్కన వేసి, కుర్చీల్లో మనుషుల్ని కూర్చోబెట్టి, సర్వర్‌ని ట్రేతో ఒకసారి నడవమనండి. తర్వాత 10 అడుగుల తాడు ఒకటి తీసుకుని చాక్‌పీసుతో నేల మీద టేబుల్ మధ్య బిందువులు గుర్తు పెట్టండి. కంటి అంచనాతో వేస్తే నాలుగో వరుసకి వచ్చేసరికి అడుగున్నర పక్కకి పోయి ఉంటుంది.

సమస్య: భోంచేస్తుంటే మోచేతులు తగులుతున్నాయి

కారణం సూటిగా చెప్పొచ్చు, ఒక టేబుల్‌కి పదిమందిని కూర్చోబెట్టారు. 60 అంగుళాల టేబుల్ చుట్టుకొలత దాదాపు 188 అంగుళాలు. ఎనిమిది మందికి పంచితే మనిషికి ఇరవై మూడున్నర, పదిమందికి పంచితే 19 కన్నా తక్కువ. కుర్చీ వెడల్పే 17, 18 ఉంటుంది. ఎనిమిదే ఉంచండి. పదిమందిని కలిపి కూర్చోబెట్టాల్సిన కుటుంబం ఉంటే ఆ ఒక్కళ్ళకి ఆరడుగుల టేబుల్ తెప్పించండి, అక్కడ మనిషికి ఇరవై రెండున్నర వస్తుంది.

అరిటాకు భోజనం రౌండ్ టేబుల్ మీద పెట్టాలనుకునేవాళ్ళు మాత్రం ఇంకాస్త ఆగాలి. ఆకు పొడవాటిది, టేబుల్ గుండ్రంది. బయటి అంచు దగ్గర చోటున్నట్టే ఉంటుంది, కానీ లోపలికి వెళ్ళేకొద్దీ ఇరుకవుతుంది. ఆకు 14 అంగుళాల వెడల్పుది అనుకోండి, అంచు నుంచి రెండు అంగుళాలు వదిలి పరిస్తే లోపలి అంచుల దగ్గర పక్కవాళ్ళ ఆకులు ఒకదాని మీదకి ఒకటి ఎక్కుతాయి, పప్పు వడ్డించేచోటే పక్కాయన ఆకు కొస ఉంటుంది. లెక్క వేస్తే 20 అంగుళాల పొడవు ఆకులు ఐదు మాత్రమే తగలకుండా పడతాయి. ఎనిమిది మందిని అలాగే ఉంచాలంటే ప్లేటు సైజుకి గుండ్రంగా కోసిన ఆకు వాడాలి, క్యాటరింగ్ వాళ్ళకి ముందే చెప్తే తెస్తారు. పూర్తి ఆకు భోజనమే కావాలంటే పొడుగు బల్లల వరుసే దానికి సరైనది, ఆ భోజనానికి పుట్టిన బల్ల అది.

సమస్య: టేబుల్ క్లాత్ ఒకచోట నేల మీద, ఒకచోట పైన

దీనికి మూడు కారణాలుండొచ్చు, చూడగానే తేడా తెలుస్తుంది.

క్లాత్ గుండ్రంగానే ఉంది, ఒకవైపు పొడుగు, సరిగ్గా ఎదురువైపు పొట్టి అయితే అది మధ్యలో పడలేదంతే. ఇస్త్రీ మడతల గీతలు నిలువుగా అడ్డంగా కలిసే బిందువు టేబుల్ మధ్యలోకి రావాలి. దూరం నుంచి లాగొద్దు, రెండు ఎదురెదురు వైపుల నుంచి ఇద్దరు పట్టుకుని కొంచెం పైకెత్తి జరపండి. ఇస్త్రీ గీతల్లో ఒకటి స్టేజి వైపు చూసేలా అన్ని టేబుళ్ళకీ ఒకేలా పెడితే హాలంతా తీరుగా కనబడుతుంది, ఎందుకో చూసేవాళ్ళకి తెలియకపోయినా సరే.

నాలుగు మూలలు మాత్రం నేల మీద పడి, మూలల మధ్య పైకి ఉంటే, మీకిచ్చింది చదరం క్లాత్. ఇది చాలా మామూలుగా జరుగుతుంది. 90 అంగుళాల చదరం క్లాత్ 60 అంగుళాల టేబుల్ మీద వేస్తే పక్కల 15 అంగుళాలు వేలాడుతుంది, మూలల దగ్గర మాత్రం దాదాపు 34 అంగుళాలు. టేబుల్ ఎత్తు 30 కదా, అంటే నాలుగు మూలలూ నాలుగేసి అంగుళాలు నేల మీద పడి ఉంటాయి, ఎవరో ఒకరు తొక్కుతారు, మీద ఉన్న గ్లాసులతో సహా లాగుతారు. అదే 84 అంగుళాల చదరం అయితే మూలలు ఇరవై తొమ్మిదిన్నర దగ్గర ఆగుతాయి, నేలకి ఆనీ ఆననట్టు, చూడటానికి బాగుంటుంది కూడా. ఆఖరి నిమిషంలో 90 చదరమే చేతిలో ఉంటే మూలని లోపలికి మడిచి పిన్నుతో గుచ్చండి, పిన్ను మొన క్లాత్ మడతలోపల ఉండాలి, బయటకి రాకూడదు. పిల్లలు టేబుల్ కిందకి దూరతారు.

చుట్టూ సమంగా పొట్టిగానో పొడుగ్గానో ఉంటే సైజే తప్పు. క్లాత్ సైజు లెక్క ఇదే:

```
క్లాత్ అడ్డం = టేబుల్ అడ్డం + (వేలాడాల్సిన పొడవు × 2)
```

60 అంగుళాల టేబుల్‌కి నేల వరకు కావాలంటే 60 + 30 + 30, అంటే 120. ఆరడుగుల టేబుల్‌కి అదే 132. ఐదడుగుల టేబుల్‌కి తెచ్చిన 120 క్లాత్ ఆరడుగుల టేబుల్ మీద వేస్తే నేలకి ఆరు అంగుళాలు పైనే ఆగుతుంది, ఇనుప కాళ్ళు కనబడతాయి. కొలత తీసుకోమని మొదట్లో చెప్పింది ఇందుకే.

నేల వరకు ఉండేది బాగుంటుందా, పొట్టిది బాగుంటుందా అని అడుగుతారు. ఫొటోలకి 120 బాగుంటుంది, స్టాండు కనబడదు. కానీ జనం ఎక్కువ తిరిగేచోట, పిల్లలున్నచోట నేను 108 వైపే మొగ్గుతాను. 24 అంగుళాలు వేలాడుతుంది, నేలకి ఆరు అంగుళాలు పైన ఆగుతుంది, కాలికి తగలదు, తడినేల మీద అంచులు నల్లబడవు. 90 రౌండ్ అయితే 15 అంగుళాలు వేలాడి కూర్చున్నవాళ్ళ ఒళ్ళోకి వస్తుంది. రోజూ వాడే డైనింగ్ హాలుకి అది సరిపోతుంది, రిసెప్షన్‌కి పనికిరాదు, కాళ్ళన్నీ కనబడతాయి. దాని కిందే 120 సాదా క్లాత్ వేసి పైన ఇంకో రంగు 90 వేస్తే మాత్రం మంచి జోడీ.

టేబుల్ ఎత్తు 29 ఉంటే 120 క్లాత్ చుట్టూ ఒక అంగుళం నేలమీద పడుతుంది. ఒక్క టేబుల్ అయితే వదిలేయండి. అన్నీ అంతే ఉంటే 118కి కుట్టించుకోవాలి, లేదా 108 వాడాలి. కాటన్ క్లాత్ సొంతంగా కుట్టించుకునేవాళ్ళు బట్టని ముందు ఒకసారి తడిపి ఆరబెట్టి అప్పుడు కత్తిరించండి, లేకపోతే మొదటి ఉతుకుకే కొలత మారిపోతుంది. ఇంకో మాట, బట్ట పన్నా 60 అంగుళాలుంటే 120 క్లాత్‌కి జాయింట్ తప్పదు. టైలర్ రెండు ముక్కలు తెచ్చి మధ్యలో కలిపేస్తాడు, అప్పుడు కుట్టు సరిగ్గా టేబుల్ మధ్యలోంచి పోయి పూలకుండీ కింద, ప్లేట్ల కింద గట్టుగా తగులుతుంది. ఒక పూర్తి పన్నా మధ్యలో ఉంచి, రెండో పన్నాని నిలువునా సగానికి కోసి రెండు పక్కలా కలపమనండి. పట్టే బట్ట అంతే, రెండు కుట్లూ టేబుల్ అంచు దగ్గరకి పోయి కిందకి దిగుతాయి, పైన సాఫీగా ఉంటుంది.

సమస్య: నాప్‌కిన్ మడత నిలబడట్లేదు

విసనకర్ర మడత వేసి గ్లాసులో పెట్టారు, అరగంటకి వాలిపోయింది. ముందు బట్టని వేళ్ళ మధ్య నలిపి వదలండి. నలిగిన గీత నిలిస్తే కాటన్, వెంటనే సాపైపోతే పాలిస్టర్. పాలిస్టర్ గంజి పట్టదు, మడత గీత ఉండదు, దానితో నిలబడే మడతలు ఎంత ప్రయత్నించినా వృథా. పైగా మనవాళ్ళు చేత్తో తిని కడుక్కుని తుడుచుకుంటారు, పాలిస్టర్ నీళ్ళు పీల్చదు, చేతి మీద జారిపోతుంది. రేటు తక్కువని అదే తెచ్చినట్టయితే పడుకోబెట్టే మడతలకి మారండి, పక్కన పేపర్ నాప్‌కిన్లు కూడా ఉంచండి.

కాటనే అయినా వాలిపోతుంటే గంజి పలచనైంది, లేదా పూర్తిగా ఆరిపోయాక ఇస్త్రీ చేశారు. కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి, అప్పుడే కాగితంలా బిగుసుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట లాన్‌లో సాయంత్రం ఫంక్షన్ అయితే ఎంత గంజి పెట్టినా గాలిలో తేమకి రెండు గంటల్లో మెత్తబడుతుంది. అక్కడ విసనకర్ర వద్దనే చెప్తాను.

నిలబడేది కావాలనుకుంటే గోపురం మడత నమ్మకమైనది, బట్ట కొంచెం మెత్తగా ఉన్నా తట్టుకుంటుంది. 20 అంగుళాల నాప్‌కిన్ పరిచి మూల నుంచి మూలకి మడిచి త్రిభుజం చేయండి, మడత గీత మీవైపు, విడి మూల అవతలివైపు ఉండాలి. కుడి కొసని అవతలి మూలకి తెచ్చి కలపండి, ఎడమ కొస కూడా అలాగే, ఇప్పుడు డైమండ్ ఆకారం వస్తుంది. దాన్ని బోర్లా తిప్పండి, విడి కొసలు అవతలే ఉండాలి. ఆ అవతలి కొసని మీవైపు కొసకి తెచ్చి మడవండి. మళ్ళీ త్రిభుజం వచ్చింది. దాన్ని మధ్య గీత మీద రెండు పక్కలా వెనక్కి వంచితే గోపురంలా ప్లేటు మధ్యలో నిలబడుతుంది.

పాలిస్టర్‌కి, తేమ ఉన్న చోటికి జేబు మడత. నాప్‌కిన్‌ని నాలుగు పొరలుగా చదరంగా మడిచి, విడి మూలలు నాలుగూ పైన కుడిపక్కకి వచ్చేలా పెట్టండి. పై పొర మూలని ఎదురు మూల దాకా మడవండి. రెండో పొర మూలని మొదటి మడత కిందకి దూర్చండి, ఒక అంగుళం పట్టీ కనబడేలా. మూడోది కూడా అలాగే. ఎడమ, కుడి పక్కల్ని మూడో వంతు చొప్పున వెనక్కి మడిస్తే మూడు ఏటవాలు పట్టీలతో జేబు తయారవుతుంది. మెనూ కార్డో, చెంచా ఫోర్కో అందులో పెడితే ఆ బరువుకే మడత ఊడకుండా ఉంటుంది.

అన్నీ ఒకేలా మడిచినా కొన్ని వంకరగా వస్తే మీ చేతిది కాదు తప్పు, నాప్‌కిన్ చదరంగా లేదు. మూల నుంచి మూలకి మడిచి చూడండి, అంచులు అర అంగుళం కన్నా ఎక్కువ తప్పితే ఆ నాప్‌కిన్‌ని పక్కన పెట్టి జేబు మడతకి వాడుకోండి. 120 మందికి కనీసం 130 తెచ్చుకోండి. కొత్త తెల్ల కాటన్‌వి అయితే ముందు ఒకసారి ఉతికించండి, లేకపోతే ముదురు రంగు పట్టుచీరల మీద తెల్ల నూగు అంటుకుంటుంది. గ్లాసులోకి దూర్చే మడతలు నాకు నచ్చవు, మడిచేవాళ్ళ వేళ్ళు నీళ్ళు తాగే అంచులకి తగులుతాయి.

సమస్య: ఎదుటివాళ్ళ ముఖం కనబడట్లేదు, గిన్నె పెట్టడానికి చోటు లేదు

పూల అమరిక డెకరేషన్ వాళ్ళు నిలబడి చూసి పెడతారు, అతిథి కూర్చుని చూస్తాడు. తేడా అక్కడ. కూర్చున్న మనిషి కళ్ళు టేబుల్ పైనుంచి పదిహేను, పద్దెనిమిది అంగుళాల ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తులో పూలగుత్తి ఉంటే ఎనిమిదిమంది టేబుల్ నలుగురు నలుగురుగా చీలిపోతుంది. పూలు 12 అంగుళాల లోపైనా ఉండాలి, లేదా సన్నటి కాడ లాంటి స్టాండు మీద 24 అంగుళాల పైనుంచి మొదలవ్వాలి. స్టాండు లావుగా ఉంటే ఎంత ఎత్తున్నా లాభం లేదు. డెకరేషన్ వాళ్ళు శాంపిల్ పెట్టినప్పుడు కుర్చీలో కూర్చుని ఎదుటి కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టి మాట్లాడి చూడండి.

వెడల్పు సంగతి భోజనాన్ని బట్టి మారుతుంది. ప్లేటు, దాని ముందు గ్లాసు, అంచు దగ్గర ఖాళీ కలిపి ఒక్కో వైపు 16 అంగుళాలు పోతే 60 అంగుళాల టేబుల్ మధ్యలో 28 అంగుళాల వృత్తం మిగులుతుంది. బఫే అయితే అదంతా పూలదే, 20 అంగుళాల దాకా పెట్టుకోండి. హైదరాబాద్ దావతుల్లోలాగా బిర్యానీ, కబాబుల డిష్‌లు టేబుల్ మధ్యకే తెచ్చిపెట్టి అందరూ వడ్డించుకునే పద్ధతి అయితే మాత్రం ఆ చోటు డిష్‌లది. వెడల్పాటి పూలబుట్ట పెట్టారంటే వడ్డించేవాళ్ళు మొదటి డిష్ తెచ్చినప్పుడే దాన్ని తీసి కుర్చీ కిందో కిటికీలోనో పెడతారు, మీరు పెట్టిన డబ్బు అక్కడికి చేరుతుంది. అలాంటి విందుకి ఆరు అంగుళాలు మించని చిన్న గ్లాసులో పూలు చాలు, లేదా అడుగు సన్నగా ఉన్న ఎత్తు స్టాండు.

పువ్వుల్లో లిల్లీ, సంపెంగ, మల్లె వాసన భోజనం మీద పడుతుంది, వాటిని ప్రవేశ ద్వారం దగ్గర, స్టేజి మీద పెట్టుకోండి. టేబుల్ మీదకి చామంతి, గులాబీ, జర్బెరా బాగుంటాయి.

పొద్దున పెట్టిన పూలు సాయంత్రానికి తలలు వేలాడేస్తే తప్పు ఏసీ మీదకి తోసేయకండి, కింద ఉన్న ఆకుపచ్చ ఫోమ్ ఇటుకని ఒకటి అడ్డంగా కోసి చూడండి. లోపల లేత రంగులో పొడిగా కనబడితే దొరికినట్టే. ఫోమ్‌ని బకెట్లో చేత్తో అదిమి ముంచారు. అదిమితే పైన తడిసి లోపలి గాలి అక్కడే ఇరుక్కుంటుంది, కాడ చివర సరిగ్గా ఆ పొడి భాగంలోకే పోతుంది. నీళ్ళ మీద వదిలేస్తే అదే నెమ్మదిగా మునుగుతుంది, ముదురు రంగుకి మారి పైభాగం నీటి మట్టానికి వచ్చాక తీయాలి. కాడలు ఏటవాలుగా కోసి, ఒకసారి గుచ్చింది మళ్ళీ పీకి అదే కన్నంలో పెట్టొద్దు, కింద గాలి సందు మిగులుతుంది. ఫోమ్ పొడిగా ఉన్న టేబుళ్ళ మీద ఇప్పుడు పైనుంచి నీళ్ళు పోసినా లోపలికి వెళ్ళవు, క్లాత్ మాత్రం తడుస్తుంది. వాడిపోయినవి తీసేసి, వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి చామంతి తలలు తేల్చేయండి. పది నిమిషాల పని.

సమస్య: ఎత్తు స్టాండు ఊగుతోంది

టేబుల్ అంచు మీద అరచేయి పెట్టి నొక్కండి. టేబుల్ కూడా కదిలితే కాళ్ళ తాళం సరిగ్గా పడలేదు, లేదా నేల ఎత్తుపల్లాలుంది, పొట్టి కాలి కింద అట్టముక్క మడిచి పెట్టండి, క్లాత్ వేయకముందే. టేబుల్ గట్టిగా ఉండి స్టాండే ఊగితే పైబరువు ఎక్కువైంది, స్టాండు అడుగున గులకరాళ్ళు నింపించండి లేదా పూలు తగ్గించమనండి. శాటిన్ క్లాత్ మీద అయితే అడుగే జారుతుంది, అప్పుడు స్టాండు కిందకి రబ్బరు షీటు ముక్క చాలు. నిజం కొవ్వొత్తుల స్టాండ్లు మాత్రం ఫ్యాన్లు, చీర కొంగులు ఉన్న హాల్లో ఎంత గట్టిగా నిలబెట్టినా పెట్టొద్దు, బ్యాటరీవి వాడండి. టేబుల్‌కి మూడు పెడుతుంటే 16 టేబుళ్ళకి 48, వాటిని మధ్యాహ్నమే వెలిగించకుండా అతిథులు వచ్చే అరగంట ముందు ఒక మనిషికి అప్పగించండి.